ఎంటీటీ పరీక్షలో బ్లాంక్, కంట్రోల్, రంగు సమ్మేళనాలు: అపోహలు - వాస్తవాలు

ఎంటీటీ అనే పసుపు రంగు టెట్రజోలియం లవణాన్ని సజీవ కణాలు క్షయకరణం చేసి, నీటిలో కరగని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. ఆ స్ఫటికాలను డీఎంఎస్‌ఓలో కరిగించి, ప్లేట్ రీడర్‌లో 570 నానోమీటర్ల దగ్గర శోషణను చదువుతాము. 1983లో టిమ్ మోస్‌మన్ ప్రచురించిన ఈ పద్ధతి నేటికీ ప్రయోగశాలల్లో నిత్యం వాడుకలో ఉంది. ఇందులో ప్రతి వెల్‌కూ ఏదో ఒక అంకె తప్పక వస్తుంది కాబట్టి, ఆ అంకెలో కణాల వాటా ఎంత, సమ్మేళనం వాటా ఎంత అన్న ప్రశ్న చాలాసార్లు అడగకుండానే మిగిలిపోతుంది. మొక్కల సారాలను, పాలీఫినాల్‌లను, రంగున్న మందులను పరీక్షించేవారికి ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం.

అపోహ: ఊదా రంగు ఎంత వస్తే అన్ని కణాలు బతికి ఉన్నట్టు.

ఈ పరీక్ష కణాలను లెక్కపెట్టదు. కణాలలోని క్షయకరణ సామర్థ్యాన్ని కొలుస్తుంది. అది కూడా మైటోకాండ్రియాలో మాత్రమే జరిగే చర్య కాదు, చాలా భాగం సైటోప్లాజంలోని ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీపీహెచ్‌లపై ఆధారపడిన ఎంజైమ్‌ల వల్ల జరుగుతుంది. కాబట్టి రీడింగ్ సగానికి పడిపోయినప్పుడు సగం కణాలు చనిపోయి ఉండవచ్చు, లేదా కణాలన్నీ బతికే ఉండి వాటి జీవక్రియ మందగించి ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయాలంటే మైక్రోస్కోప్‌లో చూడటం, ట్రిపాన్ బ్లూతో లెక్కించడం వంటి మరో ఆధారం కావాలి.

అపోహ: శాతాలు లెక్కించేటప్పుడు బ్లాంక్ తీసివేయకపోయినా పెద్ద తేడా రాదు.

కంట్రోల్‌కు దగ్గరగా ఉన్న వెల్స్‌లో ఈ మాట దాదాపు నిజమే, అందుకే ఈ అపోహ ఇంతకాలం నిలిచింది. కణాలు లేని బ్లాంక్ 0.06, కంట్రోల్ 0.86 అనుకుందాం. 0.46 చదివిన వెల్‌కు బ్లాంక్ తీసివేస్తే సరిగ్గా 50 శాతం వస్తుంది, తీసివేయకపోతే 53 శాతం పైచిలుకు వస్తుంది. కానీ కణాలన్నీ చనిపోయిన వెల్ కూడా 0.06 చదువుతుంది, బ్లాంక్ తీసివేయని లెక్కలో దానికి 7 శాతం జీవం మిగిలినట్టు కనబడుతుంది. అంటే పొరపాటు అన్ని వెల్స్‌లో సమానంగా ఉండదు, కణాలు చనిపోతున్న కొద్దీ పెరుగుతుంది. వక్రరేఖ అడుగుభాగం సున్నాకు చేరకుండా పైనే ఆగిపోవడానికి ఇది ఒక కారణం.

బ్లాంక్ అంటే ఖాళీ వెల్ కాదు, డీఎంఎస్‌ఓ మాత్రమే పోసిన వెల్ కూడా కాదు. కణాలు తప్ప మిగిలినవన్నీ అందులో ఉండాలి, మిగిలిన వెల్స్‌కు జరిగిన ప్రతి పనీ దానికీ జరగాలి: అదే మీడియం, అదే ద్రావకం, అదే ఎంటీటీ, ఇంక్యుబేటర్‌లో అన్నే గంటలు, అదే విధంగా పైద్రవాన్ని తీసివేయడం, అంతే డీఎంఎస్‌ఓ. 630 లేదా 690 నానోమీటర్ల రిఫరెన్స్ రీడింగ్‌ను తీసివేస్తున్నాము కదా, ఇక బ్లాంక్ ఎందుకు అని కొందరు అడుగుతారు. రిఫరెన్స్ తీసివేత ప్లేట్ అడుగున ఉన్న గీతలను, వేలిముద్రలను, ద్రవంలోని మసకను సరిచేస్తుంది. సమ్మేళనం 570 దగ్గర శోషించి 690 దగ్గర శోషించకపోతే ఆ రంగు మొత్తం రీడింగ్‌లోనే ఉండిపోతుంది. ముందుగా ప్రతి వెల్‌లోనూ రిఫరెన్స్‌ను తీసివేసి, ఆ తరువాత బ్లాంక్ సగటును తీసివేయాలి.

అపోహ: ప్లేట్ మొత్తానికి ఒకే బ్లాంక్ సరిపోతుంది, సమ్మేళనానికి రంగు ఉంటే మాత్రమే జాగ్రత్త పడాలి.

ఇందులో రెండు పొరపాట్లు కలిసి ఉన్నాయి. మొదటిది, కంటికి కనిపించే రంగు ప్రమాణం కాదు. కర్క్యుమిన్ ముదురు పసుపు రంగులో ఉంటుంది, కానీ అది ప్రధానంగా శోషించేది 430 నానోమీటర్ల ప్రాంతంలో కాబట్టి 570 దగ్గర దాని రంగు కలిగించే ఇబ్బంది స్వల్పం. ఆస్కార్బిక్ ఆమ్లం ద్రావణానికి రంగే లేదు, అయినా కణాలు లేని మీడియంలో కూడా అది ఎంటీటీని నేరుగా క్షయకరణం చేసి ఊదా రంగు పుట్టిస్తుంది. క్వెర్సెటిన్ వంటి పాలీఫినాల్‌లు, స్వేచ్ఛగా ఉన్న థయాల్ సమూహాలు గల పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. అంటే అడ్డంకి రెండు రకాలు: సమ్మేళనం తానే కాంతిని శోషించడం ఒకటి, కణాలతో నిమిత్తం లేకుండా ఫార్మజాన్‌ను తయారుచేయడం మరొకటి.

రెండవ పొరపాటు, ఈ రెండు అడ్డంకులూ గాఢతతో పాటు పెరుగుతాయి. కాబట్టి ఒకే బ్లాంక్ అన్ని గాఢతలకూ చెల్లదు. ప్రతి గాఢతకూ కణాలు లేని దాని సొంత బ్లాంక్ ఉండాలి.

ఎంత తేడా వస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ అల్లి చెబుతాను. క్షయకరణ గుణం గల ఒక మొక్క సారాన్ని పరీక్షిస్తున్నామనుకుందాం. పైన చెప్పినట్టే మామూలు బ్లాంక్ 0.06, ద్రావకం మాత్రమే ఇచ్చిన కంట్రోల్ 0.86, అంటే నికర కంట్రోల్ 0.80. మిల్లీలీటర్‌కు 50, 100, 200 మైక్రోగ్రాముల దగ్గర కణాలున్న వెల్స్ వరుసగా 0.70, 0.64, 0.62 చదివాయి. అన్నిటి నుంచీ 0.06 తీసివేస్తే 80, 72.5, 70 శాతాలు వస్తాయి. ఈ సారం 200 దగ్గర కూడా సగం కణాలకు హాని చేయలేదు, కాబట్టి ఐసీ50 200 కంటే ఎక్కువ అని రాసేస్తాము. ఇప్పుడు అవే గాఢతల దగ్గర కణాలు లేని వెల్స్ 0.16, 0.26, 0.42 చదివాయనుకోండి. ప్రతి గాఢత నుంచి దాని సొంత బ్లాంక్‌ను తీసివేస్తే నికర విలువలు 0.54, 0.38, 0.20 అవుతాయి, శాతాలు 67.5, 47.5, 25 అవుతాయి. ఐసీ50 ఇప్పుడు 90 పరిసరాల్లో ఉంది. విషపూరితమైన సారాన్ని నిరపాయకరమైనదిగా చూపింది కణాలు కాదు, తీసివేయని బ్లాంక్.

ఇటువంటి అడ్డంకిని రీడింగ్‌ల రూపంలోనే గుర్తుపట్టవచ్చు. గాఢత పెరుగుతున్నా శాతం ఒకచోట ఆగిపోవడం, పైగాఢతల దగ్గర తిరిగి పెరగడం, మైక్రోస్కోప్‌లో కణాలు గుండ్రబడి ఊడిపోతున్నా రీడింగ్ తగ్గకపోవడం దీని ఆనవాళ్లు. ఏ రకపు అడ్డంకో తెలుసుకోవాలంటే సమ్మేళనాన్ని కణాలు లేని మీడియంలో రెండు విధాలుగా, ఎంటీటీతో ఒకసారి, ఎంటీటీ లేకుండా ఒకసారి చదవాలి. ఎంటీటీ లేకుండానే రీడింగ్ ఎక్కువగా ఉంటే అది సమ్మేళనం రంగు; ఎంటీటీ చేర్చినప్పుడే పెరిగితే అది నేరు క్షయకరణం. కణాల లోపలికి వెళ్లి నిలిచిపోయే డాక్సోరుబిసిన్ వంటి రంగు మందులకు ఇవి చాలవు, ఎందుకంటే కణాలు లేని వెల్‌లో ఆ మందు పైద్రవంతో పాటే వెళ్లిపోతుంది. వాటికి కణాలు, మందు ఉండి ఎంటీటీ లేని వెల్స్‌ను కూడా చదవాలి.

అపోహ: ఇన్ని బ్లాంక్‌లకు 96 వెల్స్ ప్లేట్‌లో చోటు ఉండదు.

ఉంటుంది. చుట్టూ ఉన్న 36 వెల్స్‌లో ఆవిరి వల్ల ద్రవం తగ్గి, కణాల పెరుగుదల మారుతుంది కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకుండా పీబీఎస్‌తో నింపడం మంచిది. లోపల మిగిలే 60 వెల్స్‌లో బి నుంచి జి వరకు 6 అడ్డ వరుసలు, 2 నుంచి 11 వరకు 10 నిలువు వరుసలు ఉంటాయి. 3 నుంచి 10 వరకు ఉన్న నిలువు వరుసలను రెండు రెట్ల చొప్పున పలుచన చేసిన 8 గాఢతలకు ఇస్తాను. బి, సి, డి, ఇ వరుసల్లో కణాలు ఉంటాయి. ఎఫ్, జి వరుసల్లో కణాలు లేకుండా అదే గాఢత ఉంటుంది. 2వ నిలువు వరుసలో బి, సి వెల్స్ ద్రావకం ఇచ్చిన కంట్రోల్‌కు, డి, ఇ వెల్స్ ఏమీ ఇవ్వని కంట్రోల్‌కు పోతాయి. 11వ వరుసలో ఈ స్థానాలను తారుమారు చేస్తాను. ఈ రెండు నిలువు వరుసల ఎఫ్, జి వెల్స్ మామూలు బ్లాంక్‌లు. కంట్రోల్‌లు ప్లేట్‌కు రెండు చివరలా ఉండటం వల్ల, ఒక పక్క కణాలు ఎక్కువగా పడితే అది ఆ రెండు వరుసల తేడాగా బయటపడుతుంది.

కణాలను పోసిన తరువాత ప్లేట్‌ను అరగంట గది ఉష్ణోగ్రతలో కదపకుండా ఉంచి, ఆ తరువాతే ఇంక్యుబేటర్‌లో పెడితే కణాలు అడుగున మరింత సమానంగా సర్దుకుంటాయి. ఎంటీటీని మిల్లీలీటర్‌కు 5 మిల్లీగ్రాముల చొప్పున పీబీఎస్‌లో కరిగించి, 200 మైక్రోలీటర్ల మీడియం ఉన్న వెల్‌కు 20 మైక్రోలీటర్లు చేర్చి, 3 గంటలు ఉంచడం సాధారణంగా సరిపోతుంది. పైద్రవాన్ని తీసేటప్పుడు పైపెట్ కొన అడుగును తాకితే స్ఫటికాలు కూడా వెళ్లిపోతాయి.

అపోహ: కంట్రోల్‌ను 100గా తీసుకుంటే ప్లేట్‌లోని లోపాలన్నీ సర్దుకుంటాయి.

లెక్క ఇది:

```
జీవన శాతం = 100 × (వెల్ − అదే గాఢత బ్లాంక్) ÷ (కంట్రోల్ − మామూలు బ్లాంక్)
```

హారంలో ఉండవలసింది ద్రావకం ఇచ్చిన కంట్రోల్. ఏమీ ఇవ్వని కంట్రోల్‌ను దాని పక్కన పెట్టి చూడటానికి ఉంచుతాము. రెండింటికీ దాదాపు పదో వంతు మించి తేడా ఉంటే ద్రావకమే కణాలను బాధిస్తోందని అర్థం, అప్పుడు దాని శాతాన్ని తగ్గించి మళ్లీ చేయాలి. ద్రావకం శాతం అన్ని గాఢతల్లోనూ ఒకటిగా ఉండాలన్నది చెప్పనక్కరలేదు. ఏ ప్లేట్‌కు ఆ ప్లేట్ కంట్రోలే వాడాలి. కంట్రోల్ నికర విలువ 0.2 వంటి చిన్న అంకె అయితే, రీడర్‌లోని స్వల్ప ఊగిసలాట కూడా శాతంలో పెద్ద మార్పుగా కనబడుతుంది. అటువంటి ప్లేట్ శాతాలను నేను నమ్మను. 100 దాటిన విలువలను 100కు కోయడం కూడా సరికాదు, ఎందుకంటే 115 శాతం అనే అంకె చాలాసార్లు నేరు క్షయకరణానికి మొదటి సూచన.

అపోహ: సరైన బ్లాంక్ తీసివేస్తే ఏ సమ్మేళనాన్నైనా ఈ పద్ధతితో పరీక్షించవచ్చు.

పై ఉదాహరణలో 200 దగ్గర చదివిన 0.62లో 0.42 బ్లాంక్‌దే. మూడింట రెండు వంతులు తీసివేయగా మిగిలిన 0.20లో రెండు రీడింగ్‌ల దోషాలూ చేరి ఉంటాయి. పైగా కణాలున్న వెల్‌లో సమ్మేళనంలో కొంత భాగాన్ని కణాలు పీల్చుకొని మార్చివేస్తాయి కాబట్టి, కణాలు లేని వెల్‌లో జరిగినంత నేరు క్షయకరణమే అక్కడా జరిగిందని చెప్పలేము. బ్లాంక్ మొత్తం రీడింగ్‌లో సగానికి చేరిన గాఢతను నేను వక్రరేఖలో చేర్చను. ఆ లెక్కన 200ను వదిలివేయాలి, 100ను మాత్రం ఉంచవచ్చు.

అటువంటప్పుడు మొదట చేయదగినది, సమ్మేళనం ఉన్న మీడియంను తీసివేసి, పీబీఎస్‌తో రెండుసార్లు మెల్లగా కడిగి, తాజా మీడియంలో ఎంటీటీ చేర్చడం. కడిగేటప్పుడు వదులుగా అంటుకున్న కణాలు కూడా పోతాయి కాబట్టి కంట్రోల్‌ను, బ్లాంక్‌లను కూడా అలాగే కడగాలి. తేలియాడే కణాలకైతే ప్లేట్‌ను సెంట్రిఫ్యూజ్ చేయవలసి ఉంటుంది. ఎమ్‌టీఎస్, ఎక్స్‌టీటీ, డబ్ల్యూఎస్‌టీ-1లకు మారితే సమస్య తీరుతుందనుకోవడం సరికాదు. అవి కూడా క్షయకరణంపైనే ఆధారపడతాయి, వాటి ఫార్మజాన్ మీడియంలోనే కరిగి ఉంటుంది, చదివేది 450 నుంచి 490 నానోమీటర్ల మధ్య కాబట్టి 570 దగ్గర ఇబ్బంది పెట్టని పసుపు, నారింజ రంగు సమ్మేళనాలు అక్కడ అడ్డుపడతాయి. రెసాజురిన్ కూడా క్షయకరణ పరీక్షే. క్షయకరణ గుణం గల సమ్మేళనాలకు ప్రొటీన్‌ను కొలిచే సల్ఫోరోడమైన్ బి పద్ధతి మేలు, ఎందుకంటే అందులో కణాలను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో స్థిరపరచి, నీటితో కడిగిన తరువాతే రంజనం వేస్తారు. ఏటీపీని కాంతి రూపంలో కొలిచే పద్ధతి మరొకటి, అయితే అందులో సమ్మేళనం లూసిఫెరేజ్‌ను నిరోధిస్తుందేమో విడిగా చూసుకోవాలి.