ఫిలమెంట్ మందం, క్యాలిపర్ రీడింగ్, స్పూల్ నాణ్యత: అపోహలు - వాస్తవాలు

ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగ చుట్టిన కొత్త స్పూల్ విప్పగానే క్యాలిపర్‌తో రెండు చోట్ల పట్టి చూడటం త్రీడీ ప్రింటింగ్ చేసేవాళ్లలో చాలామందికి అలవాటు. 1.75 కనిపిస్తే మంచి సరుకు, 1.70 కనిపిస్తే నాసిరకం అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. కొలవడం మంచిదే. కానీ ఆ రెండు రీడింగులు చెప్పేది చాలా తక్కువ. అసలు తెలుసుకోవలసింది మందం ఎంత ఉందని కాదు, పొడవునా ఎంత మారుతోంది, ఎంత దూరంలో మారుతోంది అని. కింద చెప్పే అపోహలన్నీ ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: సగటు మందం సరిగ్గా 1.75 మి.మీ. ఉన్న స్పూలే మంచిది.

వాస్తవం: ప్రింటర్‌కి ఆదేశాలు తయారుచేసే ప్రోగ్రామ్ స్లైసర్, దానికి నిజమైన మందం తెలియదు. మనం ఇచ్చిన 1.75ని నమ్మి, ఒక గీతకు కావలసిన ప్లాస్టిక్ కోసం ఎన్ని మిల్లీమీటర్ల ఫిలమెంట్ నెట్టాలో లెక్కకడుతుంది. నాజిల్ నుంచి వచ్చే ప్లాస్టిక్ పరిమాణం మందానికి కాదు, మందం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అందుకే మందంలో 1 శాతం తేడా వస్తే ఫ్లోలో దాదాపు 2 శాతం తేడా వస్తుంది.

రెండు స్పూళ్లు తీసుకుందాం. మొదటిదాన్ని ఎక్కడ కొలిచినా 1.70 ఉంది. రెండోదాన్ని 10 సెం.మీ.కి ఒకసారి చొప్పున కొలుస్తూ పోతే 1.73, 1.74, 1.74, 1.75, 1.76, 1.77, 1.77, 1.76, 1.75, 1.74, 1.73, 1.73 వచ్చాయి. రెండోదాని సగటు దాదాపు 1.75. మొదటి అపోహ ప్రకారం ఇదే మేలైనది.

లెక్క వేరుగా చెబుతుంది. మొదటి స్పూల్‌తో ఫ్లో దాదాపు 5.6 శాతం తగ్గుతుంది, కానీ ప్రింట్ మొదటి పొర నుంచి చివరి పొర దాకా అంతే తగ్గుతుంది. స్లైసర్‌లో ఫ్లో మొత్తాన్ని హెచ్చించే ఎక్స్‌ట్రూషన్ మల్టిప్లయర్‌ను 1.06కి పెంచితే ఆ లోటు పూర్తిగా తీరిపోతుంది. రెండో స్పూల్‌లో ఫ్లో ఒకచోట 2.3 శాతం తక్కువ, అర మీటరు తర్వాత 2.3 శాతం ఎక్కువ. దీనికి సరిపోయే మల్టిప్లయర్ ఏదీ లేదు. ఒక అంకెతో సన్నటి చోటును సరిచేస్తే మందపు చోటు పాడవుతుంది. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఏమాత్రం తటపటాయించకుండా 1.70 స్పూల్ తీసుకుంటాను.

అపోహ: క్యాలిపర్ 0.01 వరకు చూపిస్తుంది కాబట్టి 0.01 వరకు నిజం చెబుతుంది.

వాస్తవం: తెరమీద కనిపించే చివరి అంకె వేరు, కొలత ఖచ్చితత్వం వేరు. మంచి డిజిటల్ క్యాలిపర్‌కి కూడా తయారీదారు సాధారణంగా ఇచ్చే హామీ ±0.02 మి.మీ. చవకవాటికి ఇంకా ఎక్కువే ఉంటుంది. మీ స్పూల్ పెట్టె మీద రాసిన ±0.02ని అంతే లోపం ఉన్న పనిముట్టుతో రుజువు చేయడం కుదరదు. అందుకే "నాకు 1.73 వచ్చింది, పెట్టెమీద 1.75 ఉంది" అన్న ఫిర్యాదు క్యాలిపర్ ఒక్కదానితో నిలబడదు.

అలాగని క్యాలిపర్ పనికిరాదని కాదు. దాని లోపంలో పెద్ద భాగం ప్రతి రీడింగులోనూ ఒకేవైపు ఒకేలా ఉంటుంది. అదే క్యాలిపర్‌తో, అదే చేతి ఒత్తిడితో, అదే ఫిలమెంట్‌ను పది చోట్ల కొలిస్తే రీడింగుల మధ్య తేడాను చాలావరకు నమ్మవచ్చు. సగటు చెప్పడంలో తడబడే పనిముట్టు హెచ్చుతగ్గులను బాగానే పట్టిస్తుంది. మనకు ముఖ్యంగా కావలసింది కూడా అదే.

కొలిచే తీరు మాత్రం ముఖ్యం. దవడలు తుడిచి, మూసి, సున్నా చేయాలి. మూసినప్పుడు వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే మధ్యలో సందు కనిపించకూడదు. ఐదారుసార్లు తెరిచి మూసినా ప్రతిసారీ సున్నాకే రావాలి. ఫిలమెంట్ దవడలకు లంబంగా ఉండాలి, కాస్త ఏటవాలైనా రీడింగ్ పెరుగుతుంది. బొటనవేలితో తాకీ తాకనట్టు నెట్టాలి. టీపీయూ లాంటి మెత్తటి ఫిలమెంట్‌లో గట్టిగా నొక్కితే మీరు కొలిచేది మందాన్ని కాదు, మీ వేలి బలాన్ని.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది, అది వంపు. స్పూల్ మీద ఉండి ఉండి ఫిలమెంట్ వంగిపోతుంది. 3 మి.మీ. వెడల్పు దవడల మధ్య వంగిన ముక్కను, వంపు తిరిగిన దిశలోనే పట్టామనుకోండి. బయటివైపు దవడ ఒక బిందువును తాకుతుంది, లోపలివైపు దవడ తన రెండు అంచులతో తాకుతుంది. ఆ మధ్య మిగిలిన సందు కూడా మందంలో కలిసిపోతుంది. స్పూల్ మధ్య ఇరుసు దగ్గర వంపు వ్యాసార్ధం 50 మి.మీ. ఉంటే ఆ సందు సుమారు 0.02 మి.మీ. స్పూల్ అడుక్కి వచ్చేసరికి ఫిలమెంట్ లావెక్కిందని, ఓవల్ అయిందని అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. ముక్కను చేత్తో నిటారుగా చేసి పట్టండి, లేదా దవడల చివర ఉండే సన్నని అంచుతో తేలిగ్గా పట్టండి.

అపోహ: ఫిలమెంట్ ఓవల్‌గా ఉంటే ఫ్లో చెడిపోతుంది.

వాస్తవం: ఒకవైపు 1.80, దానికి అడ్డంగా 1.70 ఉన్న ఫిలమెంట్ అడ్డుకోత వైశాల్యం, గుండ్రటి 1.75 ఫిలమెంట్‌దీ దాదాపు ఒకటే. అందుకే ప్రతిచోటా లంబంగా రెండు రీడింగులు తీసి సగటు వేయాలి. ఒక్క దిశలోనే కొలిస్తే ఇదే ఫిలమెంట్ అతిలావుగానో అతిసన్నగానో కనిపిస్తుంది. ఓవల్ వల్ల ఇబ్బంది వచ్చేది ఫిలమెంట్‌ను పట్టి నెట్టే ఎక్స్‌ట్రూడర్ పళ్ల దగ్గర. ఫిలమెంట్ మెలితిరిగే కొద్దీ ఒకసారి వెడల్పు వైపు, ఒకసారి సన్నవైపు పళ్లకు దొరుకుతుంది, పట్టు మారుతుంది.

అపోహ: కొలిచిన మందాన్ని స్లైసర్‌లో రాసేస్తే ఫ్లో సరైపోతుంది.

వాస్తవం: 1.75 తీసేసి 1.73 రాస్తే స్లైసర్ 2.3 శాతం ఎక్కువ ఫిలమెంట్ నెడుతుంది. ఆ 0.02 తేడా మీ క్యాలిపర్‌దే అయితే, లేని లోపాన్ని మీరే తెచ్చిపెట్టినట్టు. మందం మార్చడం, మల్టిప్లయర్ మార్చడం రెండూ ఒకే పని చేస్తాయి. రెండింటినీ ఒకే లోటు కోసం వాడితే దిద్దుబాటు రెండుసార్లు పడుతుంది. నేను మందాన్ని 1.75 దగ్గరే ఉంచి, పరీక్షగా ఒక ముక్క ప్రింట్ చేసి, పైపొర నున్నదనాన్ని బట్టి మల్టిప్లయర్‌ను సరిచేస్తాను.

సగటు మందం తప్పు లేకుండా తెలియాలంటే క్యాలిపర్ కంటే తూకం నయం. సరిగ్గా ఒక మీటరు కత్తిరించి, 0.01 గ్రా. వరకు చూపే త్రాసులో తూచండి.

```
d = sqrt(4*m / (pi * rho * L))
```

ఇందులో m గ్రాముల్లో బరువు, L మిల్లీమీటర్లలో పొడవు, rho ఘన మిల్లీమీటరుకు గ్రాముల్లో సాంద్రత. పీఎల్ఏకి 0.00124 వేసుకుంటే 1.75 మి.మీ. ఫిలమెంట్ మీటరు బరువు 2.98 గ్రా. మందంలో 0.02 మి.మీ. తేడా బరువులో సుమారు 0.07 గ్రా. తేడాగా కనిపిస్తుంది, అది త్రాసుకి తేలిగ్గా అందుతుంది. ఇందులో పరిమితి సాంద్రత. రంగుపొడి, చెక్కపొడి, కార్బన్ ఫైబర్ కలిసినవాటికి 0.00124 వర్తించదు. ఒకే కంపెనీ, ఒకే రంగు స్పూళ్లను పోల్చడానికి మాత్రం ఈ పద్ధతి చాలా బాగుంటుంది.

అపోహ: గోడమీద అడ్డచారలు కనిపిస్తే ఫిలమెంట్ మందం మారినట్టే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. తేల్చడానికి చారల మధ్య దూరం చూడాలి. 0.45 మి.మీ. వెడల్పు, 0.2 మి.మీ. ఎత్తు ఉన్న గీతలో ఒక మిల్లీమీటరు ఫిలమెంట్ దాదాపు 29 మి.మీ. పొడవు సాగుతుంది. ఒక్క గోడతో 40 మి.మీ. చదరపు పెట్టె ప్రింట్ చేస్తే చుట్టుకొలత 160 మి.మీ., కాబట్టి ఒక పొరకి అయిపోయే ఫిలమెంట్ దాదాపు 5.4 మి.మీ. మాత్రమే. మన రెండో స్పూల్‌లో ఒక హెచ్చుతగ్గు పూర్తవడానికి మీటరు పడుతోంది. అంటే ఆ అల గోడమీద 180కి పైగా పొరలకు, దాదాపు 37 మి.మీ. ఎత్తుకు పరుచుకుంటుంది. గోడ మందంలో తేడా మొత్తం 0.02 మి.మీ. దగ్గర. ఇంత మెల్లగా మారితే కంటికి అందదు. పైపొర మాత్రం పట్టిచ్చేస్తుంది, సన్నటి చోటు వచ్చినప్పుడు గీతల మధ్య సందులు, మందపు చోటు వచ్చినప్పుడు గట్లు కనిపిస్తాయి.

అదే తేడా 10 సెం.మీ.లో వస్తే 18 పొరలకే మారుతుంది, దాదాపు 4 మి.మీ.కి ఒక చార. ఇది నున్నటి ప్లాస్టిక్‌పై పక్కనుంచి వెలుతురు పడితే కనిపించవచ్చు. ఇంకా తక్కువ దూరంలో, కొద్ది మిల్లీమీటర్లలో వచ్చే తేడాలు హాటెండ్‌లో కరిగి కలిసిపోతాయి, గోడదాకా రావు.

ఇక పరీక్ష. అదే స్పూల్‌తో 100 మి.మీ. చదరపు పెట్టె ప్రింట్ చేయండి. పొరకి 13.6 మి.మీ. ఫిలమెంట్ పోతుంది కాబట్టి ఫిలమెంట్ వల్ల వచ్చే చారలు రెండున్నర రెట్లు దగ్గరవుతాయి. చారల మధ్య దూరం ఏమీ మారకుండా 8 మి.మీ. దగ్గరే ఉందంటే, సాధారణంగా వాడే టీ8 లీడ్ స్క్రూ ఒక చుట్టుకి ఎక్కే ఎత్తు అదే. అప్పుడు స్పూల్‌ను వదిలి జెడ్ స్క్రూను చూడండి. అకస్మాత్తుగా ఒక్క పొరలో లోటు వస్తే చిక్కుపడిన చుట్లనో, నాజిల్‌లో అడ్డునో ముందు అనుమానించండి. ఎక్స్‌ట్రూడర్‌లోకి వెళ్లే చోట ఫిలమెంట్‌పై వెంటనే పెన్నుతో గుర్తు పెట్టి, తర్వాత ఆ చుట్టుపక్కల కొలిస్తే సందేహం తీరుతుంది.

అపోహ: పెట్టెమీద ±0.02 ఉంటే స్పూల్ అంతా ఆ హద్దులోనే ఉంటుంది.

వాస్తవం: ఒక కిలో పీఎల్ఏ అంటే 1.75 మి.మీ. మందంలో దాదాపు 335 మీటర్లు. ఆ అంకె ప్రతి బిందువుకూ హామీయా, సగటుకా అన్నది చాలా పెట్టెల మీద రాయరు. మనం పది చోట్ల కొలిచి 335 మీటర్లకు తీర్పు చెప్పలేం. అందుకే నేను మొదట్లో ఒక మీటరును 10 సెం.మీ.కి ఒకసారి కొలుస్తాను. తర్వాత మొదలు పెట్టే చోటును మూడు నాలుగు సెంటీమీటర్లు జరిపి ఇంకో మీటరు కొలుస్తాను. మందం 10 సెం.మీ.కి ఒకసారి మారుతుంటే మొదటి వరుసలో ప్రతిసారీ అలలో అదే చోటు దొరికి, తేడా దాగిపోతుంది. కొలిచేటప్పుడు చుట్లు వదులు చేయకండి, ఒక చుట్టు ఇంకోదాని కిందికి దూరితే ప్రింట్ మధ్యలో ముడి బిగుస్తుంది. స్పూల్ సగం అయ్యాక మళ్లీ ఒక మీటరు కొలుస్తాను.

గరిష్ఠ, కనిష్ఠ రీడింగుల తేడా 0.03 లోపు ఉంటే సగటు ఏదైనా నిశ్చింతగా వాడతాను. 0.04 నుంచి 0.06 మధ్య ఉంటే బ్రాకెట్లు, పెట్టెలు లాంటి పనివస్తువులకు సరిపోతుంది, నున్నటి పైపొర కావలసినవాటికి పెట్టను. ఎక్కడైనా 1.90 దాటిన ఉబ్బు చేతికి తగిలితే మాత్రం సగటు, తేడా ఏవీ చూడకుండా తిప్పి పంపుతాను. బిగువుగా ఉండే పీటీఎఫ్ఈ గొట్టాల లోపలి వ్యాసం 1.9 మి.మీ. మాత్రమే, ఆ ఉబ్బు అందులో ఇరుక్కుంటుంది. వేళ్ల మధ్యనుంచి ఫిలమెంట్‌ను మెల్లగా జార్చి చూస్తే ఇలాంటి ఉబ్బులు క్యాలిపర్ కంటే ముందే తెలుస్తాయి.