పట్టా మనది, దారి పక్కవాళ్లది

"విజయవాడ బస్సులో వెళ్తుంటే సూర్యాపేట దాటాక మునగాల వస్తుంది కదా, అది ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉండేదని మా తాతగారు అనేవారు. చుట్టూరా నిజాం రాజ్యం ఉండగా మధ్యలో అదెలా కుదిరింది?" అని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు.

తాతగారి మాట నిజమే. మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. దాని చుట్టూ ఉన్నది మాత్రం నిజాం గారి నల్లగొండ జిల్లా. ఆ జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిలబెట్టడానికి పాటుపడ్డ సంగతి చాలామందికి తెలుసు. వాళ్ల సొంత పరగణా పటంలో ఒక దీవిలా ఉండేదన్నది మాత్రం ఎక్కువమంది గమనించలేదు. ఇలాంటి ముక్కను చుట్టూ ఉన్నవాళ్ల వైపు నుంచి చూస్తే ఎన్‌క్లేవ్ అంటారు, సొంతదారు వైపు నుంచి చూస్తే ఎక్స్‌క్లేవ్ అంటారు. నిర్వచనాలకు ఇంతకన్నా చోటివ్వను. పోటీ పరీక్షల పుస్తకాలు వాటి దగ్గరే ఆగిపోతాయి, అసలు కథ మొదలయ్యేది ఆ తర్వాతే.

పొలం మధ్యలో పొలం ఉన్న రైతును తలచుకోండి. పట్టా అతనిదే, శిస్తు కట్టేదీ అతనే. కానీ నాగలి తీసుకుపోవాలంటే పక్కవాడి గట్టు మీదుగానే పోవాలి. ఇద్దరూ అన్నదమ్ములుగా ఉన్నన్నాళ్లూ ఆ గట్టు గురించి ఎవరూ మాట్లాడరు. మాటా మాటా పెరిగి పక్కవాడు కంచె వేసిన రోజున లోపలి పొలం పట్టా కాగితంగా మిగులుతుంది. మన దేశంలో ఇందుకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. ఒకే కమతాన్ని పంచుకున్నప్పుడు లోపలి ముక్కకు వేరే దారి లేకపోతే, పత్రంలో రాసుకోకపోయినా దారి హక్కు పుడుతుంది. రెండు దేశాల మధ్య ఇంత సులువుగా దారి హక్కు పుట్టించే చట్టం లేదు. ఎన్‌క్లేవుల చరిత్ర చాలావరకు ఈ గట్టు తగాదాయే.

ముందు, పొలం మధ్యలోకి పొలం ఎలా వస్తుంది? హైదరాబాదు వాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. నిజాం రాజ్యమంతా ఒకే రంగు వేసిన పటం కాదు. ప్రభుత్వమే శిస్తు వసూలు చేసే దివానీ ఊళ్ల పక్కనే నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ ఊళ్లు, వాటి మధ్య పాయిగాలు, జాగీర్లు ఉండేవి. పెద్ద జాగీర్దార్లకు సొంత పోలీసులు, సొంత కోర్టులు ఉండేవి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్. కోఠీలో రెసిడెన్సీ బజార్లు నిజాం గడ్డ మీదే ఉన్నా, అక్కడ 1933 దాకా చెల్లింది బ్రిటిష్ రెసిడెంటు అధికారమే. పాత రాజ్యాలలో అధికారం భూమి మీద దుప్పటిలా పరచుకుని ఉండేది కాదు. ఈ ఊరి శిస్తు ఎవరికి, ఆ ఊరి తీర్పు ఎవరిది అన్న లెక్కల మూట అది. ఆ లెక్కల్లో ఊళ్లు అల్లుకుపోయి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. 1949లో జాగీర్ల రద్దుతో హైదరాబాదు రాజ్యంలోని ఆ అతుకులన్నీ కలిసిపోయాయి, ఎందుకంటే కుట్టు మొత్తం ఒకే ప్రభుత్వం చేతిలో ఉంది. అతుకు అతుకుగానే ఉండగా మధ్యలో దేశాల సరిహద్దు వచ్చి పడితే?

నగర్ హవేలీ కథ ఇదే. 1779లో మరాఠాలు పోర్చుగీసు వారితో పూనాలో ఒక ఒప్పందం చేసుకున్నారు. డామన్‌కు తూర్పున కొన్ని ఊళ్ల మీద ఏడాదికి 12,000 రూపాయల శిస్తు వసూలు చేసుకునే వీలు ఇచ్చారు. ఇచ్చింది శిస్తు హక్కే, ఆ కాలపు మాటలో సరంజామ్, మన మాటలో జాగీరు. కానీ 1818లో మరాఠా రాజ్యం పోయి కంపెనీ వచ్చేసరికి ఆ ఊళ్లలో పోర్చుగీసు వారే సమస్తం నడుపుతున్నారు. ఇంగ్లీషువాళ్లు తరచి చూడలేదు. జాగీరు చడీ చప్పుడూ లేకుండా పోర్చుగల్ భూభాగమైంది. తీరంలోని డామన్ ఒక చోట, లోపల దాద్రా, నగర్ హవేలీ మరో చోట, మధ్యలో బ్రిటిష్ ఇండియా. పోర్చుగీసు అధికారి డామన్ నుంచి నగర్ హవేలీలోని సిల్వాస్సాకు వెళ్లాలంటే ఆ గట్టు తొక్కాల్సిందే.

1954 వేసవిలో గట్టు మూతపడింది. జూలై 21-22 రాత్రి దాద్రా, ఆగస్టు 2న నగర్ హవేలీ స్వాతంత్ర్య కార్యకర్తల చేతికి వచ్చాయి. డామన్ నుంచి బలగాలను పంపడానికి భారత్ దారి ఇవ్వలేదు. పోర్చుగల్ 1955 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. తీర్పు 1960 ఏప్రిల్ 12న వచ్చింది. నాకు ఈ తీర్పంటే ఇష్టం, ఎందుకంటే దారి అన్న ఒక్క మాటను అది విడగొట్టి చూసింది. మామూలు మనుషులు, సివిల్ అధికారులు, సరుకులు నూరేళ్లకు పైగా అడ్డు లేకుండా తిరిగాయి కనుక వాటి విషయంలో దారి ఆచారంగా స్థిరపడి హక్కు అయింది. సైన్యం, ఆయుధాలు ధరించిన పోలీసులు, ఆయుధాలు మాత్రం ఎప్పుడూ అనుమతితోనో పరస్పర ఏర్పాటుతోనో వెళ్లాయి కనుక వాటికి హక్కు లేదు. సివిల్ దారిని కూడా నియంత్రించే అధికారం భారత్‌కు ఉంది, 1954 నాటి ఉద్రిక్తతలో దాన్ని ఆపడం తప్పు కాదు. అంటే బంట్రోతు పోవచ్చు, బందూకు పోకూడదు. బందూకు పోలేని చోట బంట్రోతు మాట ఎన్నాళ్లు చెల్లుతుంది?

అప్పటికే అక్కడ వరిష్ఠ పంచాయతీ అనే స్థానిక సభ పాలన నడుపుతోంది. 1961 ఆగస్టులో విలీన పత్రం మీద సంతకం చేయడానికి ఒక దేశాధినేత కావలసి వచ్చింది. దాంతో బద్లానీ అనే ఐఏఎస్ అధికారిని ఒక్క రోజుకు ప్రధానమంత్రిని చేశారు. ఆయన నెహ్రూతో సమానంగా సంతకం పెట్టారు.

దారి పూర్తిగా పోతే ఏమవుతుందో చూడాలంటే కూచ్ బిహార్ వెళ్లాలి. 18వ శతాబ్దం మొదట్లో మొగలులు కూచ్ బిహార్ రాజుతో పోరాడి, 1713లో సంధి చేసుకున్నారు. మొగలులకు పోయిన చక్లాలనే శిస్తు విభాగాలలో కొన్ని ఊళ్లు రాజు మనుషుల చేతిలోనే ఉండిపోయాయి, రాజ్యం లోపల కొన్ని ఊళ్లు మొగలు సిపాయిల చేతిలో మిగిలాయి. రాజూ, రంగ్‌పూర్ ఫౌజ్‌దారూ చదరంగంలో ఊళ్లు పందెం కాశారన్న కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది, ఆధారం లేదు. జూదంలో రాజ్యం పోవడం మనకు భారతం నుంచీ అలవాటైన కథ కనుక చటుక్కున నమ్మేస్తాం.

1947లో రంగ్‌పూర్ పాకిస్తాన్‌కు వెళ్లింది. కూచ్ బిహార్ సంస్థానం 1949లో భారత్‌లో విలీనమై, 1950 జనవరి 1న పశ్చిమ బెంగాల్ జిల్లా అయింది. శిస్తు పుస్తకాల్లోని అతుకులు ఆ రోజు నుంచి రెండు దేశాల భూభాగాలు. బంగ్లాదేశ్ లోపల భారత్ ముక్కలు 111, 17,160 ఎకరాలు. భారత్ లోపల బంగ్లాదేశ్ ముక్కలు 51, 7,110 ఎకరాలు. దహలా ఖాగ్రాబారీ అనే ముక్కైతే ఎకరం ఇరవై ఎనిమిది గుంటలకు అటూ ఇటూ ఉండే భారత భూమి. దాని చుట్టూ బంగ్లాదేశ్ ముక్క, దాని చుట్టూ భారత్ ముక్క, ఆ చుట్టూ అసలు బంగ్లాదేశ్. బడిలో గోడకు వేలాడే పటం ఇలాంటిదాన్ని చుక్కగా కూడా చూపలేదు.

ఈ ముక్కలను అక్కడ ఛిట్‌మహల్ అంటారు. 1950లో అధికారులు ముందుగా కబురు పెట్టి వెళ్లిరావడానికి, కొన్ని నిత్యావసరాలు చేరవేయడానికి రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 1952లో పాస్‌పోర్టు, వీసా వచ్చి ఆ ఏర్పాటును మింగేశాయి. భారత ఛిట్‌లో ఉన్న రైతుకు పాస్‌పోర్టు కావాలంటే భారత్‌లోని కార్యాలయానికి రావాలి. రావాలంటే పరాయి దేశం దాటాలి. దాటాలంటే పాస్‌పోర్టు కావాలి. ఇంటి గడప దాటడమే నేరమైన చోట మిగతా పాలన సంగతి వేరే చెప్పాలా? దొంగతనం జరిగితే సొంత దేశపు పోలీసు రాలేడు, చుట్టూ ఉన్న దేశపు పోలీసుకు అధికారం లేదు. పొలం అమ్మితే రిజిస్ట్రారు లేడు, తెల్లకాగితం మీద రాసుకోవడమే. పిల్లలను బయటి బడిలో వేయడానికి తెలిసినవాళ్లను తల్లిదండ్రులుగా చూపేవారు. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లిన ఆడవాళ్లు బయటివాళ్ల పేర్లను భర్త పేరుగా రాయించేవారు. కరెంటు తీగలు వాళ్ల ఊళ్ల మీదుగానే పోయేవి, ఇళ్లలోకి దిగేవి కావు. రెండు దేశాలూ కలిసి 2011 జూలైలో తలలు లెక్కపెడితే ఇటూ అటూ కలిపి 51 వేల పైచిలుకు మంది తేలారు.

యానాం కూడా ఇలాంటి ముక్కే కదా అని కొందరు అడుగుతారు. పుదుచ్చేరికి వందల కిలోమీటర్ల దూరంలో, ఆంధ్రప్రదేశ్ నడుమ ఉంది. ఎమ్మెల్యే పుదుచ్చేరి శాసనసభలో కూర్చుంటారు, బండి నంబరు పీవై అని మొదలవుతుంది. కానీ కాకినాడ బస్సు ఎక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడ గట్టుకు కంచె లేదు, అంతే తేడా.

కంచె తీయడం ఎంత కష్టమో బెరుబారీ వ్యవహారం చూపింది. 1958లో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బెరుబారీ అనే ఊళ్ల సముదాయంలో సగం పాకిస్తాన్‌కు ఇవ్వడానికీ, ఛిట్‌లను మార్చుకోవడానికీ నెహ్రూ ఒప్పుకుంటే, భూభాగం వదులుకోవడానికి రాజ్యాంగ సవరణ తప్పనిసరి అని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. 1974లో ఇందిరా గాంధీ, ముజీబుర్ రహ్మాన్ మళ్లీ మార్పిడికి సంతకాలు చేసినా, ఢిల్లీలో ఆ సవరణ గడవడానికి 2015 మే దాకా పట్టింది. పది వేల ఎకరాలు ఎక్కువగా ఇచ్చేస్తున్నామన్న అభ్యంతరం అన్నాళ్లూ అడ్డుపడింది. నిజానికి ఆ పది వేల ఎకరాల్లో మన ప్రభుత్వం అడుగుపెట్టి అప్పటికే అరవై ఏళ్లు దాటింది.

2015 జూలై 31 అర్ధరాత్రి 162 ముక్కలూ చుట్టూ ఉన్న దేశంలో కలిసిపోయాయి. భూమి కదలదు కనుక పౌరసత్వం ఎంచుకునే వీలు మనుషులకు ఇచ్చారు. బంగ్లాదేశ్‌లోని మన ఛిట్‌ల నుంచి భారత్ వచ్చినవారు వెయ్యి మంది లోపే. ఇటువైపు ఛిట్‌లలో ఉన్న పద్నాలుగు వేల పైచిలుకు మందిలో బంగ్లాదేశ్ వెళ్తామన్నవారు ఒక్కరూ లేరు.

ఒక్క దహాగ్రామ్-అంగర్‌పోతా మాత్రం ఈ మార్పిడిలో లేదు. 1974 ఒప్పందంలో బెరుబారీ మనకు ఉండిపోయింది, బదులుగా అది బంగ్లాదేశ్‌కు మిగిలింది. దానికి దారి కోసం తీన్ బీఘా అనే చోట 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు గల నేలను భారత్ శాశ్వత లీజుకు ఇచ్చింది. 1992లో ఆ దారి తెరిచినప్పుడు పగలు గంట విడిచి గంట మాత్రమే వదిలేవారు, రాత్రి గేటు మూసేవారు. రాత్రిపూట నొప్పులు వచ్చినా పామే కరిచినా తెల్లవారే దాకా ఆగాల్సిందే. 2011 నుంచి ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంచుతున్నారు. నేల మాత్రం ఇప్పటికీ భారత్‌దే. దాని మీద అడ్డంగా భారతీయుల రోడ్డు, నిలువుగా బంగ్లాదేశీయుల రోడ్డు పోతాయి. రెండూ కలిసే కూడలిలో వాహనాలను ఆపి వదిలేది మన బీఎస్ఎఫ్ జవాను.