ధాత కరువు గురించి రాసేటప్పుడు జాలి ఎక్కడ ఆగాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థుల చేత మామూలు మనుషుల చరిత్ర రాయించేటప్పుడు నేను ఎక్కువగా 1876-78 నాటి కరువునే ఇస్తుంటాను. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది దీన్నే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. పిల్లలు మనసు పెట్టి రాస్తారు, కానీ చాలామంది జాలి దగ్గరే ఆగిపోతారు.

అపోహ: చదివేవాళ్లకు కన్నీళ్లొస్తే ఆనాటి మనిషిని అర్థం చేసుకున్నట్టే.

"పాపం, ఆ నిరుపేద రైతు ఆకలితో అలమటించాడు" అన్న వాక్యం ఏ కరువుకైనా సరిపోతుంది. అందులో రైతు చేసిందేమీ లేదు, అన్నీ అతనికి జరిగినవే. నేను పెన్సిల్ ఇచ్చి పాపం, నిరుపేద, దీనంగా లాంటి మాటలన్నీ కొట్టేయమంటాను. మిగిలినదాంట్లో ఆ మనిషి తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా కనబడకపోతే అది జాలి మాత్రమే. ఆ కరువులో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలు చూడండి. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసినవి. గుండె తరుక్కుపోతుంది. కానీ వాళ్లు ఏ ఊరివాళ్లో, ఏం అమ్ముకుని అక్కడిదాకా వచ్చారో ఫోటో చెప్పదు.

అపోహ: "నేనైతే ఏం చేసేవాణ్ణి" అని ఊహించుకుంటే చాలు.

అందరూ పడే గుంట ఇది. సర్కారు కరువు పనులు పెట్టింది కదా, వెంటనే ఎందుకు వెళ్లలేదు అని అడుగుతారు. వెళ్లనివాణ్ణి మూర్ఖుడనో సోమరి అనో తేల్చేస్తారు. మనకు ఆ కరువు 1878 దాకా సాగిందని తెలుసు. 1876లో నల్లరేగడి చేను ఉన్న రైతుకు తెలిసింది ఒక్కటే, ఇంకా వాన పడలేదని. రేపు పడొచ్చు. పడితే పదును ఆరకముందే జొన్న విత్తాలి. అందుకు ఎద్దులుండాలి, విత్తనాలుండాలి, తను ఊళ్లో ఉండాలి.

ఇప్పుడు ఆ రైతు లెక్క వేయండి. దూరంగా రోడ్డు పనికో కాలువ పనికో పోతే ఎద్దులకు మేత ఎవరు చూస్తారు? పోనీ అమ్మేద్దామంటే, మేత లేక ఊరంతా అమ్ముతుంటే ధర ఎక్కడుంటుంది? అమ్మాక వాన పడితే చేను బీడే. షావుకారు అప్పు అలాగే ఉంటుంది. అక్కడ దొరికే కూలి కూడా చూడాలి. 1877 జనవరిలో భారత ప్రభుత్వం కరువు చూసి రమ్మని పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా అని తగ్గించాడు. ఎండలో మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇవన్నీ చూస్తే ఊళ్లోనే ఆగడం తెలివితక్కువతనం కాదు. ఉన్న దారుల్లో అతను ఒకదాన్ని ఎంచుకున్నాడు, అది ప్రాణం మీదకు వచ్చింది.

అదే ఊళ్లో సెంటు భూమి లేని మాదిగ కూలీకి ఈ లెక్కే లేదు. చేలల్లో పని ఆగిన రోజే అతని గింజలు ఆగిపోతాయి. అతను ముందే బయల్దేరతాడు. అందుకే "రైతులు, కూలీలు" అని ఒకే వాక్యంలో కలిపి రాస్తే నేను ఒప్పుకోను. గంజి కేంద్రంలో వండిన అన్నం ముట్టని వాళ్ల గురించీ ఇలాగే ఆలోచించాలి. మనకు అది మూఢత్వంలా కనిపిస్తుంది. కానీ కరువు పోయాక వాళ్లు బతకాల్సింది ఆ కులంలోనే, పిల్లల పెళ్లిళ్లు చేయాల్సింది అక్కడే. కులం తప్పు అని మనం అనుకోవచ్చు, అనాలి కూడా. ఆ భయం నిజమైనదని మాత్రం రాయాలి.

అపోహ: అర్థం చేసుకోవడమంటే వెనకేసుకురావడం.

టెంపుల్‌నే తీసుకోండి. 1874లో బీహార్ కరువులో ధారాళంగా ఖర్చు పెట్టాడని అతన్ని పైవాళ్లు తప్పుపట్టారు. మద్రాసులో అతను అంత బిగదీయడానికి అదొక కారణమని రాయడం అతన్ని అర్థం చేసుకోవడం. ఆ కూలి వల్ల జనం నీరసించిపోయారన్న మాట ఆ పక్కనే ఉండాలి. కారణం చెప్పినంత మాత్రాన తప్పు మాఫీ కాదు.

అపోహ: ఇక మనసులోకి దూరి ఏమైనా రాయొచ్చు.

రాయకూడదు. మనకు మిగిలిన కాగితాలు ఎక్కువగా కలెక్టర్లు, డాక్టర్లు రాసినవి. "జనం పనికి రాలేదు" అని ఒక నివేదికలో ఉంటే ఆధారం అంతవరకే. ఎద్దుల కోసం ఆగారన్నది మన ఊహ. దాన్ని "ఆగి ఉండొచ్చు" అని రాసి, ఎందుకలా అనుకుంటున్నారో వెంటనే చెప్పాలి: ఆ నేలలో జొన్న ఎప్పుడు విత్తుతారు, ఆ నెలల్లో పశువుల ధరలు ఎలా ఉన్నాయి, పని జరిగే చోటు ఊరికి ఎంత దూరం. ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే ఆ వాక్యం తీసేయమంటాను.