పాల యాప్ ఆపడం, వాలెట్ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పొద్దున పాలు వచ్చేలోపు పాజ్ పెడితే చాలు.

మర్నాడు ఎవరింటికి ఎన్ని ప్యాకెట్లు వెళ్లాలన్నది ముందురోజు రాత్రే ఖాయమైపోతుంది. ఆ గడువు ఎన్ని గంటలకన్నది ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటుంది. అది దాటాక పెట్టిన పాజ్ మర్నాటికి పనిచేయదు.

సంక్రాంతికి 12 పొద్దున్నే ఊరెళ్లి 17 రాత్రికి తిరిగొస్తారనుకోండి. పాజ్ 11 రాత్రి గడువులోపే పెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది తిరిగొచ్చే తేదీ దగ్గరే. 'ఎప్పటిదాకా ఆపాలి' అని అడిగితే 17, 'మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి' అని అడిగితే 18 ఇవ్వాలి. రెండో దానికి 17 ఇస్తే ఆ పొద్దున తాళం వేసిన తలుపుకి ప్యాకెట్లు వేలాడతాయి, డబ్బూ పోతుంది. సేవ్ చేశాక క్యాలెండర్ తెరిచి ఒక్కో తేదీ చూసుకోండి. పెరుగు, బ్రెడ్ లాంటివి విడిగా ఆర్డర్ చేసి ఉంటే పాజ్‌తో అవి ఆగకపోవచ్చు. వాటిని విడిగానే రద్దు చేయండి.

ఒక్కరోజుకే వద్దనుకుంటే క్యాలెండర్‌లో ఆ తేదీకి మాత్రమే సున్నా పెట్టండి. అసలు సబ్‌స్క్రిప్షన్‌లో మారిస్తే రోజూ అదే లెక్క అయిపోతుంది.

అపోహ: ఫోన్లోంచి యాప్ తీసేస్తే అంతా ఆగిపోతుంది.

ఏదీ ఆగదు. ఆర్డరు వాళ్ల దగ్గర అలాగే ఉంటుంది. ఆటో రీచార్జ్‌కి యూపీఐ ఆటోపే ఒప్పుకుని ఉంటే డబ్బు కూడా కట్ అవుతూనే ఉంటుంది. ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆ అనుమతి రద్దు చేయండి. తర్వాత సబ్‌స్క్రిప్షన్ ఆపండి. అకౌంట్ డిలీట్ చేయడం మాత్రం రిఫండ్ చేతికొచ్చాకే. ముందే తీసేస్తే బ్యాలెన్స్ చూపించడానికి మీ దగ్గర ఆధారం మిగలదు.

అపోహ: వాలెట్‌లో కనిపించేదంతా తిరిగొస్తుంది.

మీరు వేసిన 1000, క్యాష్‌బ్యాక్ 100, మొత్తం 1100. అందులో 660 పాలకు పోగా 440 మిగిలింది. క్యాష్‌బ్యాక్ ముందుగా ఖర్చయి ఉంటే ఆ 440 మీదే. మీ డబ్బే ముందు ఖర్చయి ఉంటే మీది 340, మిగతా 100 సాధారణంగా ఇవ్వరు. ఏది ముందు పోయిందో లావాదేవీల జాబితాలో చూడండి. గాజు సీసాలకు డిపాజిట్ కట్టి ఉంటే సీసాలిచ్చేసి ఆ మొత్తాన్నీ రిఫండ్‌లో కలిపి అడగండి.

ఇలాంటి వాలెట్‌లోంచి డబ్బు మీరే బ్యాంకుకి మార్చుకునే వీలు ఉండదు, కంపెనీయే పంపాలి. యాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగండి. రిజిస్టరైన నంబరు, చివరి డెలివరీ తేదీ, మిగిలిన మొత్తం రాసి, బ్యాలెన్స్, రీచార్జ్ రసీదుల స్క్రీన్‌షాట్లు జతచేయండి. జవాబు రాకపోతే ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అదీ జరగకపోతే అవే కాగితాలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.