జనాభా 3 లక్షలు దాటితే ఊరు కార్పొరేషన్ అయిపోతుందా? అపోహలు - వాస్తవాలు

మున్సిపల్ ఆఫీసులో పనిచేసే నన్ను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా ఊరు కార్పొరేషన్‌లో కలుస్తోందట కదా సార్, ఎప్పుడు?" అలా అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఊరి చివర ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. అందుకే ముందు ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి.

అపోహ: జనాభా ఇంత దాటితే హోదా దానంతట అదే మారుతుంది.

మారదు. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం పట్టణ స్థానిక సంస్థలను మూడు రకాలుగా చెప్పింది. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న చోట నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపాలిటీ, పెద్ద నగరానికి కార్పొరేషన్. (తెలంగాణలో ఇప్పుడు నగర పంచాయతీలు లేవు, మిగతా రెండే.) ఏ ఊరు ఏ కోవలోకి వస్తుందో గవర్నర్ పేరిట ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాల్సిందే. ఇచ్చేటప్పుడు జనాభాతో పాటు జనసాంద్రత, స్థానిక సంస్థకు వచ్చే ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవాళ్ల శాతం, ఆ ఊరికున్న ఆర్థిక ప్రాధాన్యం కూడా చూస్తారు.

పైగా జనాభా అంటే చివరిగా ప్రచురించిన జనగణన లెక్క. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడడంతో 2011 అంకెలే పట్టుకుని నడుస్తున్నాం. "ఓటర్ల లిస్టు చూస్తే ఎప్పుడో దాటేశాం" అనే వాదన ఫైలులో చెల్లదు.

మచిలీపట్నం, తెనాలి చూడండి. 2011 లెక్కల్లో రెండింటి జనాభా దాదాపు ఒకటే, కాస్త అటూ ఇటూగా 1.65 లక్షలు. అందరి నోటా వినిపించే 3 లక్షల లెక్కకు రెండూ దూరమే. అయినా మచిలీపట్నం 2015లో కార్పొరేషన్ అయింది, తెనాలి మున్సిపాలిటీగానే ఉంది. ఇక భద్రాచలం 2011 నాటికే దాదాపు 50 వేల జనాభా ఉన్న ఊరు. అయినా గ్రామ పంచాయతీయే. అది గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డ్ ప్రాంతం. మున్సిపాలిటీలకు సంబంధించిన రాజ్యాంగ భాగం పార్లమెంటు చట్టం చేస్తే తప్ప అక్కడ వర్తించదు. జనాభా ఎంత పెరిగినా ఆ అడ్డు అలాగే ఉంటుంది.

మొన్నామధ్య ఒక రిటైర్డ్ టీచరుగారు భార్యతో కలిసి వచ్చారు. పీఎఫ్ డబ్బులో సగం పెట్టి కొన్న ప్లాటు. బ్రోకరు ఇచ్చిన కాగితం జాగ్రత్తగా కవర్లోంచి తీసి నా టేబుల్ మీద పెట్టారు. అది ఆ పక్క గ్రామాలను కలపాలని కోరుతూ కౌన్సిల్ చేసిన తీర్మానం జిరాక్సు. "ఆర్డరు వచ్చేసిందిగా బాబూ" అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. తీర్మానం అంటే మేం ప్రభుత్వాన్ని అడిగినట్టు, అంతే. ప్రభుత్వం ఒప్పుకుంటే ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటుంది. పంచాయతీలు ఒప్పుకోకపోవచ్చు, ఎవరైనా కోర్టుకు వెళ్లొచ్చు. అవన్నీ తేలాక తుది నోటిఫికేషన్ గెజిట్‌లో వస్తే అప్పుడు కలిసినట్టు. కాబట్టి ఎవరైనా "కలిసిపోయింది" అంటే జీవో నంబరు, గెజిట్ తేదీ అడగండి. అందులో మీ గ్రామం పేరు ఉందో లేదో మీరే చూడండి. గ్రామంలో కొంత భాగమే కలిపితే మీ సర్వే నంబరు కూడా వెతకండి.

వాళ్ల ప్లాటుకు ఇంకో చిక్కూ ఉంది. లేఅవుట్‌కు పంచాయతీ ముద్ర తప్ప, రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ అయిన డీటీసీపీదీ పట్టణాభివృద్ధి సంస్థదీ అనుమతి లేదు. "మున్సిపాలిటీలో కలిస్తే అదే రెగ్యులర్ అవుతుంది" అని బ్రోకరు నమ్మబలికాడట. కాదు. ఊరు కలిసినా అనుమతి లేని లేఅవుట్ అలాగే ఉంటుంది. ఇల్లు కట్టుకోవడానికి ప్లాను పెట్టిన రోజున ఆ సంగతి బయటపడుతుంది. ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెచ్చినప్పుడు దరఖాస్తు చేసుకుని, ఆ రుసుము కట్టుకోవాల్సిందే. వాళ్లకు అదే చెప్పి పంపాను.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తా.

అపోహ: జిల్లా కేంద్రం అయితే కార్పొరేషన్ ఇవ్వాల్సిందే. అలాంటి నియమం లేదు. బాపట్ల, భీమవరం జిల్లా కేంద్రాలే, అయినా మున్సిపాలిటీలే.

అపోహ: జనగణనలో పట్టణం అని రాశారు కాబట్టి మాది మున్సిపాలిటీ. కనీసం 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే జనగణన వాళ్లు ఆ ఊరిని పట్టణంగా లెక్కేస్తారు. ఆ లెక్క వాళ్ల పట్టికల కోసం. పాలన పంచాయతీదే.

అపోహ: కార్పొరేషన్ అయితే కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం, అదే హెచ్‌ఆర్‌ఏ, పెరుగుతుంది. దానికి నగరాలను ఎక్స్, వై, జెడ్ అని విడదీసే వేరే వర్గీకరణ ఉంది. స్థానిక సంస్థ హోదాతో సంబంధం లేదు.

అపోహ: బోర్డు మారగానే ఇంటి పన్ను రెట్టింపు. ఈ భయం పెన్షనర్లలో ఎక్కువ, వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినంత మాత్రాన పన్ను మారదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తి మూలధన విలువను బట్టి, తెలంగాణలో అద్దె విలువను బట్టి పన్ను వేస్తున్నారు. పంచాయతీ నుంచి కొత్తగా కలిసిన ఊళ్ల సంగతి వేరు. అక్కడ మదింపు పద్ధతే మారుతుంది కాబట్టి పన్ను పెరిగే అవకాశం ఉంది. ఉపాధి హామీ పని కూడా గ్రామీణ ప్రాంతాలకే కాబట్టి, కలిసిన ఊళ్లో అది ఆగిపోతుంది. కూలి మీద బతికేవాళ్లు ప్రాథమిక నోటిఫికేషన్ గడువులోనే ఈ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.