నాలుగు మార్కుల జవాబు చిన్నదెప్పుడైంది?

అమలాపురం, రాజోలు వైపు పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో సోషల్ పుస్తకం దగ్గర ఒక పేచీ తరచూ వస్తుంది. నాలుగు మార్కుల ప్రశ్నకు పిల్ల ఐదారు వాక్యాలు రాసి పుస్తకం మూసేస్తుంది. "నాలుగు మార్కులకి ఇంతేనా అమ్మా? మేం పేజీన్నర రాసేవాళ్లం" అంటాడు తండ్రి. "ఇంతే చాలన్నారు నాన్నా మా సార్" అంటుంది పిల్ల. ఇద్దరి మాటా నిజమే. మధ్యలో మారింది ప్రశ్నపత్రం.

తండ్రి చదివిన రోజుల్లో సాంఘిక శాస్త్రానికి రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులకు. పార్ట్-ఎలో రాత ప్రశ్నలకు 35, పార్ట్-బిలో అర మార్కు బిట్లకు 15. రాత ప్రశ్నలు ఒక మార్కువి, రెండు మార్కులవి, నాలుగు మార్కులవి ఉండేవి. పటం సంగతి అలా ఉంచితే నాలుగు మార్కులదే అన్నిటికన్నా పెద్దది. వ్యాస ప్రశ్న అంటే అదే. కాబట్టి నాలుగు మార్కులు అనగానే పేజీన్నర గుర్తుకు రావడం సహజం.

తర్వాత సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకన పద్ధతి వచ్చింది. పేపరుకు 40 మార్కులయ్యాయి, బడిలో వేసే అంతర్గత మార్కులు 20 చేరాయి. ప్రశ్నల తీరు కూడా మారింది. పేరా ఇచ్చి వ్యాఖ్యానించమనడం, పట్టిక చూపించి ఏం తెలుస్తోందని అడగడం ఎక్కువైంది. అయినా పెద్ద ప్రశ్న విలువ నాలుగు దగ్గరే ఉండిపోయింది.

అసలు మలుపు 2019-20లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతర్గత మార్కులు తీసేసి మళ్లీ పేపరుకు 50 చేశారు. అర మార్కువి 12, ఒక మార్కువి 8, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 5, మొత్తం 33 ప్రశ్నలు. ఇంతలో కోవిడ్ వచ్చిపడింది, రెండేళ్లు పరీక్షలే జరగలేదు. 2022లో జరిగేసరికి సోషల్ రెండు పేపర్లూ కలిసి 100 మార్కుల ఒకే పేపరైంది. ప్రశ్నలు మాత్రం ఆ 33 లెక్కే. అంటే ప్రశ్నలు పెరగలేదు, ఒక్కోదాని మార్కులు రెట్టింపయ్యాయి. అర మార్కు బిట్టు ఒక మార్కైంది, రెండు మార్కుల ప్రశ్న నాలుగైంది, నాలుగు మార్కుల వ్యాసం ఎనిమిదైంది. నాన్న రాసిన పేజీన్నర జవాబు ఎటూ పోలేదు, ఎనిమిది మార్కుల వరుసలోకి వెళ్లింది. ఇప్పటి నాలుగు మార్కులది నిజానికి పాత రెండు మార్కుల ప్రశ్న.

మరి ఎంత రాయాలి? సమయాన్ని బట్టే లెక్క కట్టడం మేలు. పరీక్ష మూడు గంటల పదిహేను నిమిషాలు. ఆ పదిహేనూ పేపరు చదువుకోవడానికి పోతే, మిగిలిన 180 నిమిషాల్లో 100 మార్కులకు రాయాలి. మార్కుకు రెండు నిమిషాలు కూడా లేదు. నాలుగు మార్కులకు ఏడు నిమిషాలు, ఎనిమిదికి పద్నాలుగు. ఆలోచించే సమయం తీసేస్తే రెండు మార్కులకు 20-25 మాటలు, నాలుగుకు 45-60, ఎనిమిదికి 120-140 దాకా రాయడం సబబని నా అంచనా. సీబీఎస్ఈ సోషల్ పేపరులో రెండు మార్కులకు 40, మూడింటికి 60, ఐదింటికి 120 మాటలు మించవద్దని ఉంటుంది. దాన్ని చూసి తెలుగు మీడియం పిల్లలు కంగారు పడనక్కర్లేదు. ఇంగ్లిషులో మూడు నాలుగు మాటలయ్యేది మనకు "కాలువలవల్లే" అన్న ఒక్క మాటలో అయిపోతుంది. మన లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది.

మన ఊరి సంగతితోనే చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట ఎందుకు కట్టారు? ఇది రెండు మార్కులకు వచ్చిందనుకోండి. "గోదావరిలో నీరున్నా పొలాలకు అందక 1830ల్లో ఈ జిల్లాలు కరువు పాలయ్యాయి. నదికి అడ్డుకట్ట వేసి, నీటిమట్టం పెంచి, కాలువల ద్వారా డెల్టా అంతటికీ సాగునీరు ఇవ్వడానికి ఆనకట్ట కట్టారు." ఇరవై రెండు మాటలు. ఒక కారణం, ఒక ఉద్దేశం. కాటన్ దొర పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ రాస్తే పోయేది సమయమే.

ఆనకట్ట వల్ల డెల్టాలో వచ్చిన మార్పులేవి అని నాలుగు మార్కులకు అడిగితే: "1852లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా సాగు వానల మీద ఆధారపడటం తగ్గింది. కాలువ నీరు అందడంతో వరి ప్రధాన పంటైంది. అవే కాలువల్లో పడవలు నడిచి ధాన్యం రవాణా సులువైంది. పంట పెరగడంతో ప్రభుత్వానికి భూమి శిస్తు ఆదాయం కూడా పెరిగింది." నాలుగు అంశాలు ముప్పై మాటల్లోనే వచ్చాయి. ఒక్కోదానికి నాలుగైదు మాటల కారణం చేర్చితే యాభై అవుతుంది. దిద్దేవాళ్లు వెతికేది ఈ అంశాలనే. ముందుమాట అక్కర్లేదు, ముగింపూ అక్కర్లేదు.

అదే సంగతి ఎనిమిది మార్కులకు వస్తే ప్రశ్న స్వభావమే మారుతుంది. "ఆనకట్ట డెల్టా వ్యవసాయాన్ని ఎలా మార్చింది? దాని పరిమితులేమిటి?" ఇక్కడ పైన చెప్పిన నాలుగు అంశాలనే సాగదీసి రాస్తే సగం మార్కులకు మించి రావు, ఎందుకంటే ప్రశ్నలో రెండో సగం అలాగే మిగిలిపోతుంది. ముందు రెండు వాక్యాల్లో పాత పరిస్థితి చెప్పాలి: 1830ల కరువు, 1839 కోరంగి తుపాను. ఆ వెంట నిర్మాణం: ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852కు పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరిచ్చారు. అక్కణ్నుంచి మార్పులు, ఒక్కోదానికీ ఎందుకలా జరిగిందో ఒక వాక్యం. చివర పరిమితులు: మెట్ట పొలాలకు కాలువ నీరు ఎక్కలేదు, కాలువ చివరి భూములకు ఆలస్యంగా అందింది, మురుగు పోయే దారి సరిగా లేని పల్లపు చేలు వానాకాలంలో మునిగాయి. ఇవన్నీ 130 మాటల్లో పడతాయి. శివారు ఊళ్ల పిల్లలకు ఆఖరి ముక్క పుస్తకం చూడకుండానే తెలుసు, కానీ పరీక్షలో రాయడానికి ఎందుకో జంకుతారు.

ఎక్కువగా జరిగే పొరపాటు రెండు జవాబులూ ఒకే పొడవున ఉండటం. నాలుగుకూ ముప్పావు పేజీ, ఎనిమిదికీ ముప్పావు పేజీ. పాత గైడు బట్టీ పట్టిన పిల్లల కాగితాల్లో ఇది కనిపిస్తుంది. అన్నయ్యో అక్కో వాడిన గైడు ఇంట్లో ఉంటే ముందు అందులోని మాదిరి ప్రశ్నపత్రం తిప్పి చూడండి. పెద్ద ప్రశ్న నాలుగు మార్కుల దగ్గర ఆగిపోతే, ఆ పుస్తకంలో వ్యాస ప్రశ్నలని ఉన్నవాటిని ఎనిమిదికి, రెండు మార్కులని ఉన్నవాటిని నాలుగుకు చదివించండి.