మిట్టమధ్యాహ్నం మొహం షూట్ చేయడం: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో వీడియో పని చేసేవాళ్ళకి పొద్దుటి వెలుగు, సాయంత్రం వెలుగు అని ఎంచుకునే వీలు ప్రతిసారీ ఉండదు. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి ఇంటర్వ్యూ తీయాలనుకోండి. పొద్దున్నంతా లోడింగు, సాయంత్రమంతా లెక్కలు. ఆయన మనకి దొరికేది పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్యనే. వయసు యాభై దాటింది, బాగా ఎండలో తిరిగిన నలుపు రంగు, ఒంటి మీద తళతళలాడే తెల్ల చొక్కా. ఈ ఒక్క మనిషిని మధ్యలో పెట్టుకుని, మా పనిలో రోజూ వినపడే అపోహలు కొన్ని చెప్తాను.

అపోహ: మధ్యాహ్నం ఎండ ఎప్పుడైనా ఒకటే.

కాదు. ఈ ప్రాంతంలో మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం అటూ ఇటూగా ఇంకోసారి, పన్నెండింటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు మనిషిని ఎటు తిప్పినా కళ్ళు గుంటల్లో పడతాయి, ముక్కు నీడ పెదవి మీదకి దిగుతుంది. డిసెంబరులో అదే పన్నెండింటికి సూర్యుడు దక్షిణం వైపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు ఎండ వీపు మీద పడేలా నిలబెట్టి, ముందు నుంచి తెల్ల రిఫ్లెక్టర్ ఒకటి పెడితే చాలావరకు పని జరిగిపోతుంది. కింద చెప్పేదంతా ముఖ్యంగా ఎండాకాలం సంగతి.

అపోహ: చుట్టూ కొబ్బరితోట ఉంది, నీడకేం లోటు?

మన దగ్గర ఎక్కువ షూటింగులు చెడేది ఇక్కడే. కొబ్బరాకు నీడ జల్లెడలాంటిది. నుదుటి మీద ఒక ఎండ మచ్చ, బుగ్గ మీద ఇంకోటి. ఫోటోలో ఒక్క క్షణం చూసుకుని క్లిక్ కొట్టొచ్చు. వీడియోలో గాలికి ఆకు ఊగినప్పుడల్లా ఆ మచ్చలు మొహం మీద పాకుతూనే ఉంటాయి. ఎడిటింగులో వాటిని తీసేయడం అయ్యే పని కాదు. తోటలోనే తీయాల్సి వస్తే మామిడి, పనస లాంటి దట్టమైన చెట్టు వెతకండి.

చెట్టు కుదిరినా ఇంకో చిక్కుంది. కింద గడ్డి, పక్కన అరటి, ఎదురుగా వరిచేను ఉంటే, వాటి మీద పడిన ఎండ ఆకుపచ్చగా మొహం మీదకి తిరిగొస్తుంది. గడ్డం కింద, దవడ పక్కన చూడండి, చర్మం పసరు రంగులోకి తిరిగి ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే తెలియదు, ఇంటికెళ్ళి పెద్ద స్క్రీన్ మీద చూస్తే తెలుస్తుంది. ఫ్రేము కింద కనపడనంత మేర ఒక తెల్ల పంచె పరిచేస్తే చాలావరకు పోతుంది. వైట్ బాలెన్స్ ఆటోలో వదలకండి. మనిషి మొహం ఉండే చోట తెల్ల కాగితం పెట్టి, అక్కడే సెట్ చేసి లాక్ చేయండి.

వ్యాపారి గారి ఇంటర్వ్యూకి నేనైతే తోట జోలికే వెళ్ళను, ఆయన ఇంటి వసారాలో కూర్చోబెడతాను. చూరు నీడ అంచుకి అడుగున్నర లోపలికి కుర్చీ వేసి, మొహం బయటి ఆకాశం వైపు తిప్పాలి. ఎదురుగా ఉన్న సిమెంటు వాకిలి ఎండని కింద నుంచి మెత్తగా పైకి పంపుతుంది, కళ్ళ కింద నలుపు తగ్గుతుంది. ఇంకా లోపలికి జరిపితే పైకప్పు నీడ ఎక్కువై మొహం చప్పగా, నీలంగా మారుతుంది.

వసారా ఏ వైపుదన్నది కూడా చూసుకోవాలి. పది అడుగుల ఎత్తు చూరుకి అరగంటలో నీడ అంచు అడుగు పైనే జరుగుతుంది. పన్నెండు దాటాక తూర్పు వసారాలో నీడ బయటికి పెరుగుతుంది, పడమటి వసారాలో ఎండ లోపలికి వస్తుంది. పడమటి వసారాలో మొదలుపెట్టారంటే మాట సగంలో ఉండగానే ఆయన మోకాళ్ళ మీదకి, ఆ తర్వాత చొక్కా మీదకి ఎండ ఎక్కేస్తుంది. "కాస్త వెనక్కి జరగండి బాబాయ్ గారూ" అంటే ఆయన జరుగుతారు గానీ, ముందు తీసిన షాటుతో ఇది కలవదు.

అపోహ: రిఫ్లెక్టర్ ఎంత మెరిస్తే అంత మంచిది.

ఎండాకాలం మధ్యాహ్నం సిల్వర్ వైపు తిప్పి కొడితే మనిషి కళ్ళు తెరవలేడు. గోల్డ్ సంగతి సరేసరి, మన చామనఛాయకి అది కామెర్లు వచ్చిన రంగు తెస్తుంది. సాయంత్రం వెలుగులో కలపడానికి గోల్డ్ పనికొస్తుందేమో గానీ పన్నెండింటికి కాదు. తెల్లది చాలు. స్టేషనరీ షాపులో దొరికే థర్మాకోల్ షీటు ఇంకా మంచిది, అది ఊగదు. వీడియోలో రిఫ్లెక్టర్ ఏ మాత్రం వణికినా మొహం మీద వెలుగు మిణుకుమిణుకుమంటుంది. కాలవ గట్టున నీళ్ళ మెరుపు కూడా ఇదే పని చేస్తుంది, కూర్చోబెట్టే ముందు చూసుకోండి.

నేల మీద పెట్టి పైకి కొట్టడం ఇంకో అలవాటు. అలా చేస్తే ముక్కు రంధ్రాలు, గడ్డం కింది భాగం వెలిగి దెయ్యం సినిమాలా ఉంటుంది. ఛాతీకీ మొహానికీ మధ్య ఎత్తులో, ఒక పక్క నుంచి, మూడడుగుల దూరంలో పట్టించండి. కళ్ళ గుంటలు తేలికపడే దాకా దగ్గరికి తెచ్చి అక్కడ ఆపండి.

అపోహ: డిఫ్యూజర్ పట్టుకుంటే పని అయిపోయినట్టే.

ఆయన్ని వాకిట్లో కొబ్బరికాయల రాశి పక్కన కూడా చూపించాలనుకున్నాం. అక్కడ నీడ లేదు. ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్ సెట్టు లోపలుండే, ఎండని మెత్తబరిచే తెల్ల పొరని ఆయన తల మీద, కాస్త ముందుకి వంచి పట్టించాలి. పైన పట్టుకున్నవాడికి చేతులు నొప్పి పుట్టి మెల్లగా ఎత్తేస్తూ ఉంటాడు, అదే ఇబ్బంది. దూరం పెరిగేకొద్దీ మొహానికి ఆ పొర చిన్నదై, వెలుగు మళ్ళీ గట్టిపడుతుంది. ఫ్రేములో పడనంత దగ్గరగా, తలకి రెండడుగుల లోపే ఉండాలి. 42 అంగుళాలది తలకీ భుజాలకీ సరిపోతుంది, అంతే. నిలువెత్తు షాటుకి అది చాలదు. ఇంకో మాట, ఆ ఫ్రేము ఒక్కటే కాబట్టి అదే సెట్టుని డిఫ్యూజర్‌గానూ రిఫ్లెక్టర్‌గానూ ఒకేసారి వాడలేరు. పక్కన థర్మాకోల్ ఉండాల్సిందే.

ఆ పొర ఎండలో సగం, ఇంకాస్త ఎక్కువే తినేస్తుంది. మొహానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెడితే ఎండలో ఉన్న వెనక భాగం రెట్టింపుకి మించి వెలిగిపోతుంది. ఆకాశమో, సున్నం గోడో వెనకుంటే తెల్లగా తగలబడిపోతుంది. కెమెరాని తిప్పి వెనక తోట లోపలి చీకటి వచ్చేలా చూసుకోండి. మొహం దానంతటదే తేలుతుంది.

అపోహ: నల్లగా ఉన్నవాళ్ళకి ఎక్స్‌పోజర్ పెంచాలి.

పెంచితే ముందు తెల్ల చొక్కా పోతుంది, తర్వాత నుదురు పోతుంది, మిగతా మొహం బూడిద రంగుకి తిరుగుతుంది. నల్లటి చర్మం ఒంపులు మెరుపులో తెలుస్తాయి. దానికి పెద్ద మెత్తటి వెలుగు పక్క నుంచి దగ్గరగా కావాలి, ఎక్కువ వెలుగు అక్కర్లేదు. కెమెరాలో వెలుగు స్థాయిని చారలతో చూపించే జీబ్రా ఉంటే మొహం 70 శాతం దగ్గర ఉండాలన్న లెక్క తెల్లని చర్మానికి. ఆయనకి 50 నుంచి 60 మధ్య చాలు. ఇది మామూలు ప్రొఫైల్ మాట, తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే లాగ్‌లో తీస్తే ఈ అంకెలు పనికిరావు.

డెల్టా ఉక్కకి చెమట ఎలాగూ పడుతుంది. తువ్వాలుతో రుద్దితే చర్మం కంది అక్కడక్కడా వేరే రంగు వస్తుంది, టిష్యూతో అద్దించండి. పౌడరు మాత్రం వద్దు. కంటికి కనపడకపోయినా మెత్తటి వెలుగులో మొహం మెడకన్నా తెల్లగా, పాలిపోయినట్టు రికార్డవుతుంది.